విదేశీ లైబ్రరీకి తాళపత్ర ప్రతి కాపీ కోసం ఉత్తరం: పంపేముందు ఒకసారి చూసి చెప్పండి

ఓరుగల్లు_ద్విపద

అందరికీ నమస్తే. నేను హనుమకొండలో ఉంటూ తెలుగులో పీహెచ్‌డీ చేస్తున్నాను. పాల్కురికి సోమన తరవాత వచ్చిన వీరశైవ ద్విపదలు నా అంశం. అందులో ఒక కావ్యం ఇంకా అచ్చు కాలేదు, పేరు ఇప్పుడే బయటపెట్టను, ఏమనుకోకండి, థీసిస్ అయ్యేదాకా మా గైడ్ గారు వద్దన్నారు. చెన్నై ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో దాని ప్రతి ఒకటి ఉంది కానీ చివరి ఆశ్వాసం మధ్యలోనే ఆగిపోయింది, ఆ తరవాతి ఆకులు లేవు. ఇంకో ప్రతి యూకేలో ఒక లైబ్రరీలో ఉందని పాత క్యాటలాగులో దొరికింది. వాళ్ల వెబ్‌సైట్ ఫారంలో మామూలుగా ఒక మాట అడిగితే, ఏ ప్రతి, ఏ ఆకులు, ఎందుకోసం అని రాయమని రెండు లైన్ల జవాబు వచ్చింది. ఇప్పుడు సరైన ఉత్తరం రాయాలి. ముందు తెలుగులో రాసుకున్నాను, తరవాత ఇంగ్లీషు చేసుకుంటాను:

"గౌరవనీయులైన గ్రంథాలయాధికారి గారికి, కాకతీయుల రాజధానిగా వెలుగొందిన ఓరుగల్లు నుంచి నమస్కారములు. తెలుగు సాహిత్యంలో వీరశైవ ద్విపదలకు విశిష్ట స్థానం ఉంది. మీ సేకరణలోని క్యాటలాగు నంబరు 47 గల అమూల్యమైన తాళపత్ర గ్రంథం నా పరిశోధనకు అత్యంత ఆవశ్యకం. నేను పేద విద్యార్థినిని కాబట్టి దయచేసి మొత్తం గ్రంథాన్ని హై రిజల్యూషన్‌లో ఉచితంగా పంపగలరని ప్రార్థన."

బాగుందా? టెన్షన్‌గా ఉంది, ఒకసారి పోతే మళ్లీ అడగలేం కదా.

కరీంనగర్_చందు

చెల్లె, ప్రార్థన గీర్థన ఎందుకు, అది మన సొత్తు. మెకంజీ దొర మన ఊర్ల నుంచి ఎత్తుకపోయినవన్నీ లండన్‌లనే ఉన్నయి. రెండొందల ఏండ్ల కింది పుస్తకానికి కాపీరైట్ ఏముంటది? అడిగితే ఫ్రీగా ఇయ్యాల్సిందే, ఇయ్యకపోతే ఆర్టీఐ లాంటిది వాళ్లకూ ఉంటది, అది పెట్టు.

గంటం

చందు గారూ, సగం నిజం. దక్షిణాదిలో రాతప్రతులు సేకరించిన కంపెనీ సర్వేయరు కోలిన్ మెకంజీ 1821లో చనిపోయాక కంపెనీ ప్రభుత్వం ఆ సేకరణ కొన్నది, కొంత లండన్ వెళ్లింది, అదీ నిజమే. కానీ దక్షిణాది భాషల ప్రతుల్లో పెద్ద భాగం మద్రాసుకే చేరింది. లండన్ వెళ్లినవాటిలో దక్షిణాదివి కూడా బ్రౌన్ దొర చొరవతో వెనక్కి వచ్చాయి, ఆయన 1830లలో అక్కడ ఉన్నప్పుడు వాటిని చూసి పట్టుబట్టాడు. ఇప్పుడు అక్కడ మెకంజీ పేరుతో ఉన్నవాటిలో ఇంగ్లీషు అనువాదాలు, పటాలు, బొమ్మలు ఎక్కువ. కాబట్టి "మెకంజీది కదా, లండన్‌లో ఉంటుంది" అని మొదలుపెడితే ఆరు నెలలు అక్కడికి రాసి, చివరికి అది చెన్నైలో ఉందని తెలిసే ప్రమాదం ఉంది.

అమ్మా, ముందు నాకు రెండు సంగతులు చెప్పు. చెన్నై ప్రతి కాకుండా తంజావూరు సరస్వతీ మహల్, తిరుపతి, ఓయూ క్యాంపస్‌లోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయం, ఇవన్నీ చూశావా? రెండోది, నువ్వు 47 అంటున్నది క్యాటలాగులో వరస సంఖ్యా, ప్రతి నంబరా?

జనగామ_పాత_ఇల్లు

మంచి టాపిక్ పెట్టారు. మా తాతగారి అటక మీద కూడా తాటాకుల కట్ట ఒకటి ఉంది, ఆకులు ఒకదానికొకటి అంటుకుపోయాయి. ఫోన్‌లో ఫోటో తీస్తే ఏమీ కనబడట్లేదు, ఉత్త గోధుమరంగు. మా భూమి కాగితాలు అందులో ఉన్నాయని నాయనమ్మ అనేది. లండన్ లైబ్రరీకి పంపిస్తే చదివి పెడతారా? ఎంత తీసుకుంటారు?

ఓరుగల్లు_ద్విపద

గంటం సార్, ఓయూ క్యాంపస్‌లో చూశాను, లేదు. తిరుపతికి మా సీనియర్ వెళ్లినప్పుడు చూసి వచ్చాడు, అక్కడా లేదు. తంజావూరు క్యాటలాగులో అదే పేరుతో ఒకటి ఉంది కానీ అది యక్షగానం, వేరే రచన. 47 అనేది క్యాటలాగులో వరస సంఖ్య. దాని కింద చిన్న అక్షరాల్లో ఇంకో నంబరు ఉంది, ఆకుల సంఖ్య, కొలతలు, పక్కకు ఎన్ని పంక్తులో కూడా ఇచ్చారు. మొత్తం కట్టలో మూడు రచనలు ఉన్నాయట, నాది మూడోది, 31వ ఆకు నుంచి 118 దాకా.

గంటం

బంగారం లాంటి సమాచారం పెట్టుకుని 47 అని రాశావు. ఆ చిన్న అక్షరాల నంబరే అసలైనది, లైబ్రరీ వాళ్లు షెల్ఫ్‌మార్క్ అనేది దాన్నే. క్యాటలాగు చేసిన పండితుడు విషయాన్ని బట్టి వరసపెడతాడు, బీరువాలో కట్ట ఉండేది వేరే నంబరు మీద. 47 అని రాస్తే బీరువాలో 47వ నంబరు మీద ఉన్న ఏదో వైద్యగ్రంథం తీసి చూసి "ఇది కాదేమో" అని జవాబు రాస్తారు, దానికే కొన్ని వారాలు పోతాయి. ఇంకో చిక్కు కూడా ఉంది. పాత క్యాటలాగు తరవాత కొన్ని లైబ్రరీలు నంబర్లు మార్చాయి. అందుకే ఉత్తరంలో రెండూ రాయి, "ఫలానా సంవత్సరం క్యాటలాగులో 47వ అంశం, అందులో ఇచ్చిన ప్రతి నంబరు ఇది, ఇప్పటి నంబరు ఇదేనా చెప్పగలరా" అని.

ఆకుల సంఖ్య దగ్గర కూడా జాగ్రత్త. లేఖకుడు ఎడమ అంచున తెలుగు అంకెల్లో వేసిన సంఖ్య ఒకటి, లైబ్రరీ వాళ్లు పెన్సిల్‌తో వేసుకున్నది ఇంకొకటి. మూడు రచనల కట్ట అంటున్నావు, లేఖకుడు ప్రతి రచనకూ మళ్లీ 1 నుంచి వేసి ఉండవచ్చు. 31 నుంచి 118 అనేది ఎవరి లెక్క?

జనగామ సోదరా, లండన్‌కు ఏదీ పంపకండి, వాళ్లు చదివి పెట్టరు. అంటుకున్న ఆకుల్ని చేత్తో విడదీయకండి, పైపొర లేచి అక్షరాలతో సహా వస్తుంది. ఫోటోలో కనబడకపోవడానికి కారణం వేరు, ఈ అమ్మాయి సంగతికీ అదే అసలు విషయం, కింద రాస్తాను.

మానుకోట_లెక్చరర్

నేను ఒకసారి ఇలాంటి కాపీ యూరప్ నుంచి తెప్పించాను కాబట్టి చెప్తున్నా. ఉత్తరం జీమెయిల్ నుంచి కాకుండా యూనివర్సిటీ ఐడీ నుంచి పంపమ్మా, లేకపోతే గైడ్ గారికి సీసీ పెట్టి, ఆయన లెటర్‌హెడ్ మీద నాలుగు ముక్కల పరిచయం జత చెయ్యి. ఉచితంగా అని అడగకు. "అంచనా ధర పంపండి" అని అడుగు. ధర వచ్చాక తక్కువ చేసుకునే దారులు ఉంటాయి, కానీ మొదటి ఉత్తరంలోనే పేద విద్యార్థిని అంటే వాళ్లకు ఏం చేయాలో తెలియదు, ధర నిర్ణయించేది ఆ ఉత్తరం చదివే మనిషి కాదు. అంచనా కాగితం ఉంటే మన దగ్గర కంటింజెన్సీ బిల్లు పెట్టడానికీ పనికొస్తుంది. అది లేకుండా కట్టేస్తే తరవాత ఆడిట్‌లో తిప్పలే. ఇంకొకటి, మన డెబిట్ కార్డుల్లో విదేశీ చెల్లింపు మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, బ్యాంకు యాప్‌లో ముందే ఆన్ చేసి పెట్టుకో.

కాకతీయుల వైభవం పేరా తీసెయ్. వాళ్లకు ఓరుగల్లు తెలుసు, తెలియకపోయినా ఆ కట్ట వెతకడానికి అది పనికిరాదు.

కరీంనగర్_చందు

కాపీరైట్ సంగతికి ఎవరూ జవాబు చెప్పలే. పాతది కదా, ఫ్రీ కదా?

గంటం

మామూలు బుద్ధికి అలాగే అనిపిస్తుంది. యూకే చట్టంలో మాత్రం ఒక వింత ఉంది. రచయిత 1969కి ముందే చనిపోయి, 1989 ఆగస్టు 1 నాటికి కూడా ఆ రచన అచ్చు కాకుండా ఉంటే, అక్కడ దానికి 2039 చివరి దాకా రక్షణ ఉంది. రచయిత మూడొందల ఏళ్ల కింద పోయినా సరే. ఎక్కడో తెలుగునేల మీద పుట్టిన కావ్యానికి అది ఎంతవరకు వర్తిస్తుందో లాయర్లు వాదించుకోవచ్చు, కానీ లైబ్రరీ వాళ్లు ఆ వాదనలోకి దిగరు, ఒక డిక్లరేషన్ ఫారం ఇచ్చి సంతకం పెట్టమంటారు. లాభాపేక్ష లేని పరిశోధన కోసమో, సొంత చదువు కోసమో ఒక్క కాపీ తీసుకుంటున్నాను, ఇతరులకు ఇవ్వను అని. ఆ చట్టంలోనే లైబ్రరీకి అలా ఇచ్చే వెసులుబాటు ఉంది. అంటే థీసిస్‌కు ఇబ్బంది లేదు. రేపు దాన్ని పరిష్కరించి పుస్తకంగా వేస్తానంటే, ఆకుల ఫొటోలు అందులో పెడతానంటే, అది వేరే అనుమతి, వేరే ఫీజు. అందుకే ఉత్తరంలో "ఎందుకోసం" దగ్గర థీసిస్ అని మాత్రమే రాసి ఊరుకోకు, తరవాత అచ్చు ఆలోచన ఉంటే ఇప్పుడే ఒక వాక్యం రాయి.

మానుకోట_లెక్చరర్

ఇక్కడ నేను కొంచెం వేరేగా అంటాను సార్. ఇప్పుడే అచ్చు అని రాస్తే వాణిజ్యం కింద లెక్కేసి రేటు పెంచుతారు. ముందు థీసిస్ కోసం తీసుకుని, అచ్చు వేసేనాటికి మళ్లీ రాసుకోవచ్చు కదా.

గంటం

రాసుకోవచ్చు. నేను ముందే చెప్పడం మేలంటాను, మీరు తరవాత అంటారు, ఇద్దరివీ నడుస్తాయి. గైడ్ గారిని అడగమనండి.

ఇప్పుడు అసలు సంగతి, ఫొటో. తాళపత్రం మీద గంటంతో గీస్తే పడేది గాడి మాత్రమే, అందులో రంగు ఉండదు. మసి రుద్ది తుడిచాకే అక్షరం నల్లగా తేలుతుంది. చాలా ప్రతుల్లో ఆ మసి ఎప్పుడో పోయింది, కొన్నింటికి అసలు పూయనే లేదు. అలాంటి ఆకును స్కానర్‌లోనో, పైనుంచి సూటిగా లైటు వేసో తీస్తే జనగామ సోదరుడికి వచ్చినట్టు ఉత్త గోధుమరంగు వస్తుంది, ఎంత హై రిజల్యూషన్ పెట్టినా అంతే. లైటును పక్క నుంచి, ఆకుకు దాదాపు ఆనినట్టు ఏటవాలుగా వేస్తే గాడిలో నీడ పడి అక్షరం చదవబడుతుంది. విదేశీ లైబ్రరీ వాళ్లు మసి పూయరు, పూయమని అడగకూడదు కూడా, అది ప్రతిని మార్చడం. కానీ పక్కలైటు అడగవచ్చు. ఇది ముందు అడగకపోతే డబ్బు కట్టాక ఖాళీ ఆకుల ఫొటోలు వస్తాయి, మళ్లీ తీయమంటే మళ్లీ ఫీజు. కాబట్టి ఉత్తరంలో ఇలా అడుగు: అక్షరాలకు మసి ఉందా, లేకపోతే ఏటవాలు లైటులో తీయగలరా, ముందు ఒక్క ఆకు మచ్చుకు పంపగలరా.

థేమ్స్_గట్టు

నేను వరంగల్ వాడినే, లండన్‌లో ఉద్యోగం. ఉత్తరం, ఫీజు ఇవన్నీ ఎందుకు, నేను రీడర్ పాస్ తీసుకుని వెళ్లి ఫోన్‌తో తీసి పంపిస్తా చెల్లి. రీడింగ్ రూముల్లో సొంత వాడకానికి ఫొటో తీసుకోనిస్తున్నారు ఈ మధ్య. పైగా బ్రిటిష్ లైబ్రరీ అయితే 2023 అక్టోబరు సైబర్ దాడి తరవాత ఆన్‌లైన్ సేవలు చాలాకాలం పడిపోయాయి, ఒక్కొక్కటిగా తెచ్చుకుంటూ వచ్చారు. ఉత్తరాల మీద ఆధారపడితే లేటు అవ్వచ్చు.

గంటం

మంచి మనసు. కానీ రీడింగ్ రూములో సొంత లైటు పెట్టనివ్వరు, ఫ్లాష్ అసలే కుదరదు. మసి ఉన్న ప్రతి అయితే ఫోన్ చాలు, లేకపోతే మీరు తీసినవీ గోధుమరంగే. అదీగాక పెళుసుగా ఉన్న ఆకులైతే చూడటానికే ఇవ్వకపోవచ్చు. అయినా మీరు వెళ్లి కట్టను ఒకసారి చూసి రాగలిగితే అదే పెద్ద సాయం. మసి ఉందా, అంచున సంఖ్యలు ఎవరివి, చివర ఖాళీ ఆకులు ఉన్నాయా, ఈ మూడూ చూసి చెప్తే అమ్మాయి ఉత్తరంలో ప్రశ్నలు సగం తగ్గుతాయి.

ఓరుగల్లు_ద్విపద

అన్నా, చాలా థాంక్స్, వివరాలు మెసేజ్‌లో పంపిస్తా. గంటం సార్, 31 నుంచి 118 అనేది లైబ్రరీ లెక్కే, క్యాటలాగు ముందుమాటలో రాశారు. మొత్తం 88 ఆకులు అడగాలా? అంటే రెండు పక్కలా 176 ఫొటోలు, దానికి నా దగ్గర డబ్బుల్లేవు.

గంటం

నీకు లేనిది చివరి భాగమే కదా, అంతే అడుగు. ఎక్కడి నుంచి అనేది లెక్క కట్టవచ్చు. పక్కకు ఎన్ని పంక్తులు, ఆకు పొడవు ఎంత ఇచ్చారు? చెన్నై ప్రతి ఎన్ని ద్విపదల దగ్గర ఆగింది?

ఓరుగల్లు_ద్విపద

పక్కకు 7 పంక్తులు, పొడవు 42 సెంటీమీటర్లు, వెడల్పు మూడున్నర. చెన్నై ప్రతి నేను ఎత్తి రాసుకున్నదాని ప్రకారం దాదాపు 2,300 ద్విపదల దగ్గర తెగింది.

గంటం

42 సెంటీమీటర్ల ఆకులో పంక్తికి 65 అక్షరాలు అనుకుందాం, దస్తూరి ఎంత చిన్నదో తెలియదు కాబట్టి ఇది అంచనా మాత్రమే. ద్విపద పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం, అంటే ఇంచుమించు 13 అక్షరాలు, రెండు పాదాలకు 26, 27. పంక్తికి రెండున్నర ద్విపదలు, పక్కకు 17, ఆకుకు 35 దాకా. 2,300ను 35తో భాగిస్తే 66 ఆకులు. 31 నుంచి మొదలుపెడితే 96వ ఆకు దగ్గర నీ చెన్నై ప్రతి ఆగిపోయిన చోటు రావాలి. అక్కడి నుంచే అడగకు. 91 నుంచి అడుగు. నీ దగ్గర ఉన్న భాగంతో కొన్ని ఆకులు కలిస్తేనే రెండు ప్రతులూ ఒకే పాఠమా, పాఠభేదాలు ఎంత ఉన్నాయి, అసలు ఇది అదే కావ్యమేనా అని తేలుతుంది. తంజావూరు అనుభవం చూశావు కదా, పేరు కలిసినంత మాత్రాన సరిపోదు. మచ్చు ఆకుగా 93 అడుగు. అది నీ రాతప్రతిలో ఎక్కడ పడుతుందో చూస్తే నా 35 లెక్క ఎంత తప్పిందో కూడా తెలుస్తుంది, దాన్నిబట్టి 91ని ముందుకో వెనక్కో జరుపుకోవచ్చు.

91 నుంచి 118 అంటే 28 ఆకులు, 56 పక్కలు. ఫొటోకు ఇంత అని ధర వేస్తారు కాబట్టి ఒక ఫ్రేములో అయిదు ఆకులు ఒకదాని కింద ఒకటి పెట్టి తీయమని అడుగు. ఆకు పొడవు 42, కెమెరా ఫ్రేము అడ్డం కొలత దానికే సరిపోతుంది, నిలువులో 28 సెంటీమీటర్ల దాకా ఖాళీయే. ఒక్క ఆకు పెట్టినా అయిదు పెట్టినా అక్షరం సైజు అదే. ఒక వైపుకు ఆరు ఫ్రేములు, రెండు వైపులా కలిపి పన్నెండు. కానీ ఇందులో ఒక పేచీ ఉంది. పక్కలైటు వేస్తే వంకర తిరిగిన ఆకు నీడ కింది ఆకు మీద పడుతుంది. మసి ఉంటే అయిదేసి, లేకపోతే రెండేసి, వాళ్ల ఫొటోగ్రాఫర్ ఏమంటే అది.

118 తరవాత ఏమైనా ఖాళీ ఆకులు, కట్టకు అట్టల్లా ఉండే చెక్కలు ఉంటే అవి కూడా అడుగు. లేఖకుడు ఎప్పుడు ఎక్కడ రాశాడో చివర్లో ఉంటుంది, కొన్నిసార్లు కావ్యం అయిపోయాక మరో ఆకు మీద రాస్తారు. శ్రీముఖ అని సంవత్సరం పేరు ఒక్కటే దొరికితే అది 1753 కావచ్చు, 1813 కావచ్చు, 1873 కూడా కావచ్చు. తిథి, వారం కూడా ఉంటేనే లెక్క తేలుతుంది.

ఓరుగల్లు_ద్విపద

మళ్లీ రాశాను సార్, చూడండి:

"మీ దగ్గర ఉన్న తెలుగు తాళపత్ర ప్రతిలో కొన్ని ఆకుల డిజిటల్ కాపీ కోసం రాస్తున్నాను. ప్రతి నంబరు ఫలానా, మీ ముద్రిత క్యాటలాగులో 47వ అంశం. నంబరు మారి ఉంటే తెలియజేయగలరు. ఈ కట్టలోని మూడో రచన, మీ లెక్కలో 31 నుంచి 118 ఆకులు. నాకు 91 నుంచి 118 దాకా రెండు వైపులా కావాలి, ఆ తరవాతి ఖాళీ ఆకులు, చెక్కలు ఉంటే అవి కూడా. చెన్నైలోని ప్రతి చివర అసంపూర్ణంగా ఉన్నందున నా పీహెచ్‌డీ పరిశోధనలో పాఠం పోల్చడానికి ఇవి అవసరం. ఇంతకుముందే తీసిన డిజిటల్ కాపీ గానీ మైక్రోఫిల్మ్ గానీ ఉంటే అదే సరిపోతుంది. లేకపోతే అక్షరాలకు మసి ఉందో లేదో చెప్పగలరా? లేని పక్షంలో ఏటవాలు వెలుతురులో తీయడం వీలవుతుందా? ఒక ఫ్రేములో పలు ఆకులు ఉన్నా అభ్యంతరం లేదు. ముందుగా 93వ ఆకు ఒక్కటి మచ్చుకు, మొత్తానికి అంచనా ధర, పట్టే సమయం తెలియజేయగలరు. అవసరమైన డిక్లరేషన్ సంతకం చేసి పంపుతాను. మా పర్యవేక్షకుల పరిచయ లేఖ జతచేశాను."

మానుకోట_లెక్చరర్

ఇప్పుడు ఉత్తరం అయింది. మైక్రోఫిల్మ్ మాట బాగా పెట్టావు, పాతది ఉంటే ధర చాలా తగ్గుతుంది. సబ్జెక్టు లైనులోనే ప్రతి నంబరు పెట్టు, లోపల వెతుక్కోనక్కరలేకుండా.

గంటం

మైక్రోఫిల్మ్ ఉందంటే సంబరపడకు, అది నలుపు తెలుపు, మసి లేని ఆకైతే అందులో ఇంకా కష్టం. అందులోంచి కూడా మచ్చు అడుగు. "అదే సరిపోతుంది" అన్న మాట తీసి "ముందు దాన్నే చూస్తాను" అని మార్చు.

జనగామ_పాత_ఇల్లు

సార్, మరి నా కట్ట? పక్క నుంచి టార్చి కొడితే అక్షరాలు కనబడుతున్నాయి, నిజంగానే! పై ఆకు మీద ఏవో అంకెలు, నాయనమ్మ చెప్పినట్టు భూమి లెక్కలే అనుకుంటా. నిమ్మగడ్డి నూనె రాస్తే విడిపోతాయని ఎవరో అన్నారు.

గంటం

నిమ్మగడ్డి నూనె విడిగా ఉన్న ఆకు మెత్తబడటానికి, పురుగు పట్టకుండా ఉండటానికి రాస్తారు. అంటుకున్నవాటిని అది విడదీయదు. ఓయూ క్యాంపస్‌లోని గ్రంథాలయానికి కట్ట తీసుకెళ్లి చూపించండి, ఎండలో మాత్రం పెట్టకండి. పై ఆకు ఫొటో ఇక్కడ వేరే టాపిక్‌గా పెట్టండి, అంకెలు చదవగలిగితే చదువుతాను.

థేమ్స్_గట్టు

పాస్‌కు అప్లై చేశాను, వచ్చే వారం వెళ్తా. కట్ట ఇస్తారో లేదో చూడాలి. చెల్లి, ఉత్తరం ఆపకు, నేను వెళ్లేలోపు పంపించు, వాళ్ల జవాబులో ఇప్పటి నంబరు వస్తే నాకు అక్కడ ఆర్డర్ పెట్టడం తేలిక.

ఓరుగల్లు_ద్విపద

గంటం సార్ చెప్పిన మాట మార్చి ఇందాకే పంపించాను అన్నా. అచ్చు సంగతి మాత్రం రాయలేదు, గైడ్ గారు సోమవారం చెప్తానన్నారు.